గంట లెక్కలో సరిపోయిన ఎస్కలేటర్ నిమిషం లెక్కలో ఎందుకు చాలదు?

సాయంత్రం ఆరున్నర. మెట్రో ఇంటర్‌చేంజ్ స్టేషన్ పై అంతస్తులో ప్లాట్‌ఫామ్‌కు అటూ ఇటూ రెండు రైళ్లు దాదాపు ఒకేసారి ఆగాయి. తలుపులు తెరుచుకున్న అర నిమిషంలో దిగాల్సినవాళ్లంతా దిగిపోయారు. మరో అర నిమిషానికి, టికెట్ గేట్లుండే కింది హాలు కాన్‌కోర్స్‌కు దించే ఎస్కలేటర్ల ముందు జనం గుంపుకట్టారు. అడుగులో అడుగు వేస్తూ, ముందువాళ్ల భుజాల మీదుగా తొంగిచూస్తూ రెండు నిమిషాలు గడిచాయి. ఆ తర్వాత ప్లాట్‌ఫామ్ ఖాళీ. తర్వాతి రైలు వచ్చేదాకా అవే ఎస్కలేటర్లు ఒక్క మనిషీ లేకుండా తిరుగుతూనే ఉంటాయి.

స్టేషన్ డిజైన్ కాగితాల్లో "గంటకు ఇంతమంది" అని రాసే అంకెలో ఆ ఖాళీగా తిరిగిన సమయం కూడా కలిసి ఉంటుంది. ఎదురుచూస్తున్న మనిషికి ఆ ఖాళీతో పనిలేదు. రైలు జనాన్ని ధారగా పోయదు, కుమ్మరిస్తుంది. అందుకే ఎస్కలేటర్ లెక్కను గంటతో మొదలుపెట్టినా నిమిషాల్లోకి, చివరికి సెకన్లలోకి దించాల్సిందే. అది ఎలా చేస్తారో ఒక ఉదాహరణతో మొదటినుంచీ చూద్దాం.

ఒక ఊహా స్టేషన్ తీసుకుందాం. హైదరాబాద్‌వాళ్లకు అమీర్‌పేట కళ్లముందు కదలొచ్చు కానీ ఈ అంకెలు ఏ ఒక్క స్టేషన్‌వీ కావు. మధ్యలో ఒకే ప్లాట్‌ఫామ్, దానికి రెండు పక్కలా రైళ్లు. మూడు బోగీల రైలు, బోగీకి ఒక పక్క నాలుగు తలుపులు. రద్దీ వేళలో ప్రతి 3 నిమిషాలకు ఒక్కో దిక్కునుంచి ఒక్కో రైలు వస్తుంది. ప్రతి రైలునుంచీ 300 మంది దిగుతారు. అంటే గంటకు 40 రైళ్లు, 12,000 మంది. వాళ్లను కిందికి దించడానికి మీటరు వెడల్పు మెట్లున్న ఎస్కలేటర్లు రెండు, వేగం సెకనుకు 0.65 మీటర్లు. ఇవి సరిపోతాయా?

ఎవరి అంకె పట్టుకున్నారన్నదాన్ని బట్టి ఈ ప్రశ్నకు మూడు జవాబులు వస్తాయి.

మొదటిది జామెట్రీ లెక్క. మెట్టు లోతు 40 సెంటీమీటర్లు. 0.65 మీటర్ల వేగంతో సెకనుకు 1.6 మెట్లు మన ముందుకొస్తాయి. మెట్టుకు ఇద్దరు చొప్పున నిలబడితే గంటకు 11,700 మంది. రెండు ఎస్కలేటర్లకు 23,400. మన 12,000 అందులో 51 శాతమే. ఈ కాగితం చూస్తే రెండో ఎస్కలేటర్ దాదాపు దండగే అనిపిస్తుంది.

రెండోది యూరప్ భద్రతా ప్రమాణం ఈఎన్ 115-1 అనుబంధంలో ఉన్న పట్టిక. అదే వెడల్పుకు, అదే వేగానికి అందులో గరిష్ఠంగా గంటకు 7,300 మంది అని ఉంటుంది. రెండింటికీ 14,600. మన అవసరం 82 శాతం. పర్వాలేదు, కాస్త వెసులుబాటుంది.

మూడోది లండన్ అండర్‌గ్రౌండ్ స్టేషన్లు ప్లాన్ చేసేవాళ్లు వాడే అంకె. ఎస్కలేటర్‌కు నిమిషానికి 100 మంది, అంటే గంటకు 6,000. రెండింటికీ 12,000. మన అవసరం సరిగ్గా నూటికి నూరు శాతం.

యంత్రాలు అవే, జనమూ అంతే. ఒక కాగితంలో సగం ఖాళీ, ఇంకో కాగితంలో ఊపిరాడని పరిస్థితి. నా మట్టుకు స్టేషన్ పనికి మూడో అంకెనే పట్టుకోవాలంటాను. కారణం తెలియాలంటే ఎస్కలేటర్ మొదట్లో నిలబడి చూడాలి.

అడుగు పెట్టే చోట ఏం జరుగుతుంది

ఎస్కలేటర్ సామర్థ్యాన్ని తేల్చేది దాని పొడవూ కాదు, మోటారు బలమూ కాదు. మొదట్లో బల్లపరుపుగా ఉండే ఆ మీటరు జాగా. మెట్లు నేల కిందినుంచి బయటికొచ్చే చోట పళ్లున్న లోహపు పలక ఉంటుంది. దాన్ని కాంబ్ ప్లేట్ అంటారు. ఆ గీత దాటే క్షణంలోనే అంతా తేలిపోతుంది.

ఒకామె చీర కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని, రెండో చేత్తో పిల్లాడి చెయ్యి పట్టుకుని గీత దగ్గర ఆగుతుంది. మెట్టు ఎక్కడ విడిపోతుందో చూసుకుంటుంది. ఒక మెట్టును వదిలేసి తర్వాతి దాని మీద కాలు పెడుతుంది. ఆమె వెనకాయన చక్రాల బ్యాగును ముందు మెట్టు మీద పెట్టి తను వెనక మెట్టు మీద నిలబడతాడు. ఆ వెనక అబ్బాయి ఫోన్ చూస్తూ రెండు మెట్లు ఎడం వదులుతాడు. ఎవరి తప్పూ లేదు. అపరిచితుడి వీపుకు ఆనుకుని నిలబడాలని ఎవరూ అనుకోరు. దిగే ఎస్కలేటర్ మీద కింద లోతు కనిపిస్తుంటే ఆ తటపటాయింపు ఇంకాస్త ఎక్కువ. నిమిషానికి 100 మంది అంటే సెకనుకు 1.67 మంది. గీత దగ్గర ఒకరు 3 సెకన్లు దారికి అడ్డంగా ఆగితే ఐదుగురి జాగా ఖాళీ మెట్లుగా వెళ్లిపోతుంది. ఆ మెట్లు మళ్లీ దొరకవు.

వేగం పెంచితే ఆ మేరకు జనం పెరగకపోవడానికి కారణం కూడా ఇదే. పైన చెప్పిన యూరప్ పట్టికలో మీటరు వెడల్పుకు 0.5 మీటర్ల వేగంతో 6,000 మంది, 0.75తో 8,200 మంది. వేగం ఒకటిన్నర రెట్లయింది, జనం 37 శాతమే పెరిగారు. మెట్లు గబగబా వస్తున్నాయి గానీ మనిషి కాలు ఎత్తి పెట్టే తీరు మారలేదు కదా.

మీ స్టేషన్‌లో అసలు అంకె తెలుసుకోవాలంటే గడియారం ఒక్కటి చాలు. కాంబ్ ప్లేట్ దగ్గర ఊహాగీత గీసుకుని నిమిషంలో ఎంతమంది దాటారో లెక్కపెట్టండి. షరతు ఒకటుంది. ఆ నిమిషం మొత్తం వెనక క్యూ ఉండి తీరాలి. క్యూ లేనప్పుడు లెక్కపెడితే తెలిసేది వచ్చిన జనమెంతో గానీ ఎస్కలేటర్ మోయగలిగింది ఎంతో కాదు. సర్వేల్లో జరిగే పెద్ద పొరపాటు ఇదే. గంటసేపు లెక్కపెట్టి అరవైతో భాగించి "మా ఎస్కలేటర్ నిమిషానికి 45 మందిని మోస్తోంది, సగం కూడా వాడకంలో లేదు" అని రాసేస్తారు. అందులో సగం సమయం ఎక్కడానికి మనుషులే లేరన్నది ఆ వాక్యంలో కనిపించదు.

క్యూ ఎంత పెరుగుతుంది, ఎప్పుడు కరుగుతుంది

ఇప్పుడు మన స్టేషన్‌ను సెకన్లలో చూద్దాం. రెండు రైళ్లు ఒకేసారి వచ్చాయనుకుందాం. రోజూ ప్రతిసారీ అలా రావు కానీ టైమింగులు అటూ ఇటూ జరుగుతూ ఏదో ఒక వేళ కలిసి తీరతాయి. డిజైన్ ఆ వేళ కోసమే. ఒక్కో రైలునుంచి 300 మంది, పన్నెండు తలుపులు, తలుపుకు 25 మంది. సెకనుకు ఒకరు చొప్పున దిగినా 25 సెకన్లు. ఎస్కలేటర్లు 70 మీటర్ల ప్లాట్‌ఫామ్‌కు నడుమ ఉన్నాయి కాబట్టి చివరి తలుపునుంచి 35 మీటర్లు నడవాలి. గుంపులో సెకనుకు మీటరు నడక, అంటే 35 సెకన్లు. మొత్తమ్మీద 600 మందీ సుమారు 60 సెకన్లలో ఎస్కలేటర్ల ముందుకు చేరతారు.

సెకనుకు 10 మంది వస్తున్నారు. రెండు ఎస్కలేటర్లు కలిసి తీసుకునేది సెకనుకు 3.33. క్యూ లెక్క ఇంతే:

```
Q(t) = A(t) − C × t
Q(60) = 600 − 3.33 × 60 = 400
```

A అంటే అప్పటిదాకా వచ్చినవాళ్లు, C అంటే సెకనుకు ఎస్కలేటర్లు తీసుకునేవాళ్లు, Q అంటే ఇంకా నిలబడి ఉన్నవాళ్లు. ఒక నిమిషం గడిచేసరికి 400 మంది ఎదురుచూస్తుంటారు. వాళ్లు కరగడానికి ఇంకో 120 సెకన్లు. మొత్తం 180 సెకన్లు. చివరి మనిషి మెట్టెక్కిన క్షణానికే తర్వాతి రైలు తలుపులు తెరుచుకుంటాయి. గంట లెక్కలో నూరు శాతం అన్నది ప్లాట్‌ఫామ్ మీద ఇలా ఉంటుంది.

ఆ 400 మంది నిలబడేది ఎక్కడ? చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున 200 చదరపు మీటర్లు కావాలి. అంచున పసుపు గీత అవతలి భాగం, స్తంభాలు, ఎస్కలేటర్ గుంతలు తీసేస్తే మనకు మిగిలిన వెడల్పు 5 మీటర్లే అనుకుందాం. అప్పుడు క్యూ ప్లాట్‌ఫామ్ పొడవులో 40 మీటర్లు ఆక్రమిస్తుంది. తర్వాతి రైలు ఎక్కడానికి వచ్చేవాళ్లు ఆ గుంపును చీల్చుకుని పోవాలి. ఇద్దరికీ దారి ఒకటే.

సరే, ఇదంతా రైళ్లు వేళకు వచ్చినప్పటి మాట. సిగ్నల్ దగ్గర ఏదో అయి రెండు దిక్కుల రైళ్లూ 90 సెకన్లు ఆలస్యమయ్యాయనుకోండి. ఆ 90 సెకన్లూ వెనక స్టేషన్లలో జనం పేరుకుంటారు కాబట్టి రైలుకు 300 కాదు, 450 మంది దిగుతారు. వెనకున్న రైళ్లు మాత్రం వేళకే వచ్చేస్తాయి. అంటే 90 సెకన్లకే ఇంకో జత, రైలుకు 150 మందితో. మొత్తం జనం పెరగలేదు. రెండు విడతల 1,200 మందే, కాస్త అటూ ఇటూ జరిగారు. అయినా నష్టం జరిగిపోయింది. రైలు రాని ఆ 90 సెకన్లు ఎస్కలేటర్లు ఖాళీగా తిరిగాయి. 300 మందిని దించాల్సిన మెట్లు వృథాగా పోయాయి. రెండు ఎస్కలేటర్ల సామర్థ్యం అవసరానికి సరిగ్గా సమానం కాబట్టి ఆ 300 మంది బాకీ ఎప్పటికీ తీరదు. మామూలు వేళకు తర్వాతి జత రైళ్లు వచ్చేటప్పటికి పాత 300 మంది ఇంకా నిలబడే ఉంటారు. కొత్త 600 మంది వచ్చి చేరిన నిమిషానికి క్యూ 700. చదరపు మీటరుకు ఇద్దరి చొప్పున 350 చదరపు మీటర్లు. 5 మీటర్ల వెడల్పుతో అది సరిగ్గా 70 మీటర్లు, అంటే ప్లాట్‌ఫామ్ మొత్తం. ఇక ఆ తర్వాతి రైలువాళ్లు దిగడానికి నేల ఉండదు. ఒకే ఒక్క ఒకటిన్నర నిమిషం ఆలస్యం, రద్దీ తగ్గేదాకా స్టేషన్‌ను వదలదు.

ఇదే కథలో యూరప్ పట్టిక అంకె పెట్టి చూడండి. నిమిషానికి ఇంచుమించు 121 చొప్పున రెండూ సెకనుకు 4 మందిని తీసుకుంటాయి. మామూలుగా 600 మందికి 150 సెకన్లు పడుతుంది, 30 సెకన్లు మిగులుతాయి. ఆలస్యం జరిగితే మామూలు రైళ్లు వచ్చేనాటికి మిగిలేది 120 మంది. ఆ తర్వాతి విడతలో మిగిలే 30 సెకన్లలో వాళ్లూ వెళ్లిపోతారు. 82 శాతానికీ 100 శాతానికీ తేడా 18 శాతం అనుకుంటాం. నేల మీద ఆ తేడా ఏడున్నర నిమిషాల్లో కోలుకునే స్టేషన్‌కీ, సాయంత్రమంతా కోలుకోని స్టేషన్‌కీ ఉన్నంత. అందుకే ఏ అంకె వాడారో అడగకుండా ఏ శాతాన్నీ నమ్మకూడదు.

మూడో ఎస్కలేటర్ పెడదాం. సెకనుకు 5 మంది. 600 మంది 120 సెకన్లలో కరుగుతారు. పై ఆలస్యం మళ్లీ జరిగినా రెండు విడతల జనం 240 సెకన్లకల్లా వెళ్లిపోతారు, మామూలు రైళ్లు 270వ సెకనుకు గానీ రావు. మూడిట్లో ఒకటి చెడిపోయినా, మరమ్మతుకు ఆపినా మిగిలిన రెండూ మళ్లీ 180 సెకన్ల అంచుకు తెస్తాయి. ఇరుకే అయినా నడుస్తుంది. ఎస్కలేటర్ ఏడాదిలో కొన్ని రోజులు ఆగి తీరే యంత్రం. కాబట్టి ఒకటి లేకుండా కూడా లెక్క నిలబడాలన్నది కోరిక కాదు, షరతు. అమెరికాలో మెట్రోల అగ్నిభద్రతకు వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 130 కూడా ప్లాట్‌ఫామ్‌ను 4 నిమిషాల్లో ఖాళీ చేయగలగాలని అడుగుతూ, ఒక ఎస్కలేటర్ పనిచేయడం లేదనుకునే లెక్క వేయమంటుంది.

మూడోది పెట్టడానికి చోటు లేకపోతే పక్కన మెట్లదారి ఉందేమో చూస్తారు. లండన్ ప్లానింగ్ అంకెల ప్రకారం ఒకే దిక్కుకు నడిచే మెట్లదారి మీటరు వెడల్పుకు నిమిషానికి 35 మంది. 3 మీటర్ల మెట్లదారి 105 మందిని దించుతుంది, ఒక ఎస్కలేటర్‌తో సమానం. కాగితం మీద అంతే గానీ దాన్ని పూర్తిగా నమ్ముకోవద్దు. కిందికి దిగేటప్పుడు కుర్రాళ్లు మెట్లు వాడతారు. పైకి ఎక్కాల్సి వస్తే ఎస్కలేటర్ ముందు క్యూలో నిలబడతారే గానీ పక్కన ఖాళీగా ఉన్న మెట్లవైపు చూడరు. ఎదురు దిక్కువాళ్లు కూడా అదే దారిలో వస్తుంటే అంకె 28కి పడిపోతుంది.

పై క్యూ ఆలస్యం, కింది క్యూ ప్రమాదం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎస్కలేటర్ ఎక్కే చోట క్యూ పెరిగితే జనం విసుక్కుంటారు. దిగే చోట క్యూ పెరిగితే జనం పడిపోతారు. కింద జాగా లేకపోతే మెట్లదారిలో మనిషి ఆగిపోతాడు, అతని వెనకవాళ్లూ ఆగుతారు. ఎస్కలేటర్ ఆగదు. కింద గుంపు కదిలినా కదలకపోయినా సెకనుకు 1.67 మందిని తెచ్చి ఆ గుంపు మీదికి నెడుతూనే ఉంటుంది.

ఈఎన్ 115 దిగే చోట కనీసం 2.5 మీటర్ల లోతు ఖాళీ ఉంచమంటుంది. ఒక ఎస్కలేటర్ వెడల్పుకు అది దాదాపు 4 చదరపు మీటర్లు. అందులో ఎనిమిది మంది నిలబడగలరు. ఎనిమిది మంది అంటే ఐదు సెకన్ల జనం. ముందు దారి మూసుకుంటే స్పందించడానికి ఉన్న సమయం ఐదు సెకన్లన్నమాట. షాపింగ్ మాల్‌కు అది చాలుతుందేమో గానీ, రైలు జనం దిగే కాన్‌కోర్స్‌కు చాలదు. ఇక్కడ కనీసానికి మూడు నాలుగు రెట్లు విడవాలి. ఆ జాగాలో రీచార్జి కౌంటరో, టీ దుకాణమో పెట్టడం నేను చూశాను. కట్టినప్పటి డ్రాయింగులో విడిచిన ఖాళీ తర్వాత ఎవరికో అద్దె జాగాలా కనిపించింది. ఆ దుకాణం ముందు నలుగురు నిలబడితే చాలు, వెనక ఎస్కలేటర్ లెక్క మొత్తం మారిపోతుంది.

కింద జనాన్ని ఆపేవి ఎక్కువగా టికెట్ గేట్లు. మన స్టేషన్‌లో దిగినవాళ్లలో సగం ఇంకో లైన్ రైలుకు వెళతారు, సగం గేట్ల గుండా బయటికి పోతారు. రెండు ఎస్కలేటర్లున్నప్పుడు గేట్లకు నిమిషానికి 100 మంది వచ్చేవాళ్లు. గేటుకు నిమిషానికి 25 మంది చొప్పున నాలుగు గేట్లు, చెడిపోతే ఆదుకోవడానికి ఇంకొకటి, వెరసి ఐదు. పై ప్లాట్‌ఫామ్ ఇరుకు తీర్చడానికి మూడో ఎస్కలేటర్ పెట్టాక గేట్లకు వచ్చేది నిమిషానికి 150 మంది. గేట్లు ఐదే ఉండి అందులో ఒకటి మొరాయిస్తే నిమిషానికి 50 మంది మిగిలిపోతారు. జనం వచ్చే రెండు నిమిషాల్లో 100 మంది, 50 చదరపు మీటర్లు. గేట్లకూ ఎస్కలేటర్లకూ నడుమ 6 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు ఉందనుకుంటే ఉన్న 60లో 50 నిండిపోయింది. ఇంకో లైన్‌కు అడ్డంగా దాటిపోయేవాళ్లను ఇంకా కలపనేలేదు. పైన క్యూ తగ్గించామని సంతోషించేలోపు దాన్ని దించి ఉండకూడని చోట పెట్టామని తెలుస్తుంది. ఎస్కలేటర్ పెంచినవాళ్లు గేట్లను ఏడుకు పెంచాలి. జనం సాగే దారిలో ముందుకు పోయేకొద్దీ ప్రతి మజిలీ దాని వెనకదానికన్నా ఎక్కువ తీసుకోగలగాలి, తక్కువ కాకూడదు.

కింద గుంపు పెరుగుతున్నట్టు కనిపిస్తే ఎర్ర బటన్ నొక్కి ఎస్కలేటర్ ఆపేయొచ్చు కదా అంటారు. ఎవరైనా పడితే, చీరో కాలో చిక్కుకుంటే నొక్కాల్సిందే. గుంపును అదుపు చేయడానికి మాత్రం అది పనికిరాదు. దిగే ఎస్కలేటర్ నిండా జనం ఉండగా హఠాత్తుగా ఆగితే నిలబడ్డవాళ్లు ముందుకు తూలతారు. గుంపును ఆపాల్సింది పైన, ఎక్కే చోట. ఒక మనిషి అక్కడ నిలబడి తాడు అడ్డం పెడితే ఎస్కలేటర్ మీదున్నవాళ్లు మామూలుగా దిగిపోతారు, కింద జాగా దానంతటదే తెరుచుకుంటుంది. రద్దీ వేళ సిబ్బందిని కింద కాకుండా పైన నిలబెట్టడానికి కారణం అదే.

నిలబడాలా, నడవాలా

ఎస్కలేటర్ మీద ఒక పక్క నిలబడి రెండో పక్క నడిచేవాళ్లకు వదలడం మర్యాద అని మనకూ అలవాటవుతోంది. లండన్‌లో కుడిపక్క నిలబడటం, ఎడమపక్క నడవడం పాతుకుపోయిన పద్ధతి. 2015 చివర్లో అక్కడి హోబోర్న్ స్టేషన్‌లో మూడు వారాలు ఒక ప్రయోగం చేశారు. పైకెళ్లే ఎస్కలేటర్ మీద రెండు పక్కలా నిలబడమన్నారు. 2016లో ఆరు నెలలు మళ్లీ చేశారు. రద్దీ వేళ దాదాపు 30 శాతం ఎక్కువమంది పైకి చేరారు.

అంటే అన్నిచోట్లా నడక మానేయాలా? హోబోర్న్ ఎస్కలేటర్ 23 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతుంది. అంత ఎత్తు నడిచి ఎక్కేవాళ్లు తక్కువ. ఎడమపక్క చాలావరకు ఖాళీగా ఉండేది, కుడిపక్క క్యూ కింద హాలు నిండా సాగేది. ఆ ఖాళీని నింపడమే ఆ లాభం. నడిచేవాళ్లు నిండుగా ఉన్న వరస సంగతి వేరు. నిలబడ్డవాళ్లు ఒకటిన్నర మెట్టుకు ఒకరు, నడిచేవాళ్లు మూడు మెట్లకు ఒకరు అనుకుందాం. నడిచేవాళ్లు రెట్టింపు జాగా తీసుకుంటారు గానీ ఎస్కలేటర్ వేగానికి వాళ్ల వేగం కలిసి ఇంచుమించు రెట్టింపు వేగంతో పోతారు. రెండు వరసలూ సెకనుకు ఒకరికి కాస్త పైగా, దాదాపు సమానంగానే తీసుకెళతాయి. మన మెట్రోల్లో ప్లాట్‌ఫామ్‌నుంచి కాన్‌కోర్స్‌కు ఎత్తు హోబోర్న్‌తో పోలిస్తే చాలా తక్కువ. కిందికి దిగేటప్పుడు నడిచేవాళ్లూ ఎక్కువే. కాబట్టి "30 శాతం" అన్న అంకెను ఇక్కడికి మోసుకురాకూడదు. క్యూ ఉన్నప్పుడు నడిచే పక్క ఖాళీ మెట్లు కనిపిస్తున్నాయా లేదా చూడండి. కనిపిస్తే అక్కడ నిలబడమని చెప్పడం వల్ల లాభముంది.

ట్రావెలేటర్ పెంచేది జనాన్ని కాదు

ఇంటర్‌చేంజ్‌లో రెండు లైన్ల నడుమ దూరం ఎక్కువైతే కదిలే నడకదారులు, అంటే ట్రావెలేటర్లు పెడతారు. ఢిల్లీ మెట్రోలో ధౌలాకువా, సౌత్ క్యాంపస్ స్టేషన్లను కలిపే 1.2 కిలోమీటర్ల స్కైవాక్‌లో 22 ట్రావెలేటర్లున్నాయి. అవి ఉన్నాయి కాబట్టి ఆ దారిలో ఎక్కువమంది పడతారని చాలామంది అనుకుంటారు. లెక్క అలా చెప్పదు.

మీటరు వెడల్పు ట్రావెలేటర్ అటూ ఇటూ గోడలతో కలిపి 1.6 మీటర్ల జాగా తీసుకుంటుంది. నిమిషానికి 100 మందిని మోస్తుంది. ట్రావెలేటర్ తీసేసి ఆ 1.6 మీటర్లను వట్టి నేలగా వదిలితే, ఒకే దిక్కుకు నడిచే దారికి లండన్‌వాళ్లు వాడే మీటరుకు 50 మంది చొప్పున 80 మంది పోతారు. అది సాఫీగా నడిచే లెక్క. ఒత్తిడి వేళ అదే నేల ఇంకా ఎక్కువమందిని తీసుకుంటుంది, ట్రావెలేటర్ తీసుకోదు. అంటే ట్రావెలేటర్ పెట్టినంత మాత్రాన దారి సామర్థ్యం చెప్పుకోదగ్గంత పెరగదు. వెడల్పు ట్రావెలేటర్ తెచ్చినా లాభం లేదు. మీటరు దాటిన వెడల్పు సామాను బళ్లకే గానీ జనం సంఖ్య పెంచదని ఈఎన్ 115 పట్టిక కిందే రాసి ఉంటుంది. జనం హ్యాండ్‌రెయిల్ పట్టుకోవాలి కదా, నడుమ మూడో వరస ఏర్పడదు. సామాను బళ్లు ఎక్కితే సామర్థ్యం దాదాపు 80 శాతం పడిపోతుందని కూడా అక్కడే ఉంటుంది. రైల్వే స్టేషన్‌కో ఎయిర్‌పోర్టుకో కలిసే కాన్‌కోర్స్‌లో ఈ ఒక్క వాక్యం మరిచిపోతే మిగతా లెక్కంతా వృథా.

వేగం సంగతీ విచిత్రమే. 300 మీటర్ల దారిలో మామూలుగా నడిచే మనిషికి, సెకనుకు 1.3 మీటర్ల చొప్పున, 230 సెకన్లు పడుతుంది. 0.65 వేగంతో పోయే ట్రావెలేటర్ మీద నిలబడితే 460 సెకన్లు, సరిగ్గా రెట్టింపు. దాని మీద నడిస్తే 154. కాలం కలిసొచ్చేది దాని మీద నడిచేవాళ్లకే. ఎస్కలేటర్ మీద రెండు పక్కలా నిలబడమన్నవాళ్లే ట్రావెలేటర్ మీద ఒక పక్క వదిలిపెట్టమనాలి. బరువులతో వచ్చేవాళ్లకూ పెద్దవయసువాళ్లకూ అది శ్రమ తగ్గిస్తుంది, అది చిన్న మేలు కాదు. దాన్ని సామర్థ్యం ఖాతాలో రాయడమే తప్పు.

అయితే ట్రావెలేటరే వేగంగా పోతే? ప్యారిస్ మోంపర్నాస్ స్టేషన్‌లో 2002లో అదే ప్రయత్నించారు. 180 మీటర్లకు పైగా పొడవు, గంటకు 12 కిలోమీటర్ల వేగం. మనిషి ఆ వేగంలోకి ఒక్కసారిగా అడుగు పెట్టలేడు కాబట్టి మొదట్లో రోలర్ల మీద నిలబెట్టి క్రమంగా వేగం పెంచేవాళ్లు, చివర్లో అలాగే తగ్గించేవాళ్లు. ఆ రోలర్ల దగ్గర జనం తూలి పడ్డారు. వేగం 9 కిలోమీటర్లకు తగ్గించారు. చివరికి దాన్ని తీసేసి మామూలు ట్రావెలేటర్ పెట్టారు. అది బాగా పనిచేసి ఉంటే మాత్రం జనం సంఖ్య పెరిగేదా? లోపలికి అడుగుపెట్టే గుమ్మం మారలేదు. నిమిషానికి ఆ గుమ్మం ఎంతమందిని రానిస్తే అంతమందే. లోపల వేగం పెరిగితే మనిషికీ మనిషికీ నడుమ ఎడం పెరుగుతుంది, అంతే.

దూరపు దారి వల్ల కలిసొచ్చేది ఇంకొకటుంది, డిజైన్‌లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. రైలు దిగిన గుంపు 300 మీటర్లు నడిచిందనుకోండి. గబగబా నడిచేవాళ్లు సెకనుకు 1.6 మీటర్ల చొప్పున 187 సెకన్లకు చేరతారు, నెమ్మదిగా నడిచేవాళ్లు మీటరు చొప్పున 300 సెకన్లకు. నిమిషంలో విరుచుకుపడిన గుంపు ఇంచుమించు మరో రెండు నిమిషాల పొడవున పలచబడుతుంది. దారి చివర ఉన్న ఎస్కలేటర్ ముందు క్యూ పుట్టనే పుట్టకపోవచ్చు. ట్రావెలేటర్ దారిలో అయితే జనం ముందే, ఎక్కేచోటే ఆగి, నిమిషానికి 100 చొప్పున వరసగా అందుతారు. చివర నిమిషానికి 100 మోసే ఎస్కలేటర్ ఒక్కటి చాలుతుంది, క్యూ మాత్రం ట్రావెలేటర్ మొదట్లో ఉంటుంది. కాబట్టి ట్రావెలేటర్ పక్కన నడిచే దారి తప్పకుండా వదలాలి, ఆ దారినుంచి వచ్చేవాళ్లను చివరి ఎస్కలేటర్ లెక్కలో కలపాలి. ఒక ట్రావెలేటర్ ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట నడుమ జాగాను ఎస్కలేటర్ దిగే చోటుకు పెట్టిన కొలతతోనే విడవాలి. అక్కడ సూట్‌కేసు చక్రం కాంబ్ ప్లేట్ దగ్గర తట్టుకుని ఒకాయన వంగితే, అతని వెనక ఐదు సెకన్లలో ఎనిమిది మంది వచ్చి చేరతారు.